షేర్ సర్టిఫికెట్ (సహకార గృహనిర్మాణ సంఘం)

షేర్ సర్టిఫికెట్ (వాటా పత్రం) అంటే సహకార గృహనిర్మాణ సంఘం తన సభ్యుడి పేరిట ఇచ్చే పత్రం. ఆ సభ్యుడికి సంఘం మూలధనంలో ఎన్ని వాటాలున్నాయో, వాటి వరుస సంఖ్యలు ఏవో ఇందులో రాసి ఉంటుంది. ఫ్లాటు అమ్మినప్పుడు అమ్మకపు దస్తావేజుతో పాటు ఈ పత్రం కూడా కొన్నవారి పేరిట మారాలి. అలా మారేదాకా కొన్నవారు ఫ్లాటులో కాపురం ఉంటారు గానీ సంఘం పుస్తకాల్లో సభ్యులు కారు.

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఈ పత్రం చూసినవారు తక్కువే. ఇక్కడి అపార్ట్‌మెంట్ల పద్ధతి వేరు. అయితే ఈ ప్రాంతం నుంచి బొంబాయి, భివండీ వలస వెళ్లి అక్కడ ఫ్లాట్లు కొన్న కుటుంబాలకు మాత్రం ఇది తప్పనిసరి కాగితం. అందుకే ఈ వ్యాసం తెలంగాణ పద్ధతిని క్లుప్తంగా చెప్పి, మహారాష్ట్రలో సభ్యత్వ బదిలీని వివరంగా చెబుతుంది.

## నేపథ్యం

గృహనిర్మాణ సహకార సంఘాలు మన దేశంలో వందేళ్ల పైబడి ఉన్నాయి. బొంబాయిలోని గామ్‌దేవి ప్రాంతంలో సారస్వతులు 1915లో పెట్టుకున్న సంఘం మొదటివాటిలో ఒకటి. భూమీ కట్టడమూ సంఘం పేరిట ఉంటాయి. సభ్యుడికి వాటాలు, వాటితో పాటు ఒక ఇంటిలో ఉండే హక్కు దక్కుతాయి. షేర్ సర్టిఫికెట్‌కు అంత విలువ రావడానికి మూలం ఈ ఏర్పాటే. మహారాష్ట్రలో సంఘాలు ఇప్పుడు 1960 నాటి సహకార సంఘాల చట్టం కింద నడుస్తున్నాయి. ఫ్లాట్లు అమ్మిన బిల్డరే కొనుగోలుదారులతో సంఘం పెట్టించి, భూమిని దాని పేరిట రాసివ్వాలని 1963 నాటి ఫ్లాట్ల యాజమాన్య చట్టం చెబుతుంది.

హైదరాబాద్ రాజ్యంలో 1952 నాటి సహకార సంఘాల చట్టం అమల్లో ఉండేది. దాని స్థానంలో ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం, 1964 వచ్చింది. రాష్ట్రం ఏర్పడ్డాక తెలంగాణ దాన్నే తన పేరుతో కొనసాగిస్తోంది. 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కూడా వచ్చింది.

## తెలంగాణలో పద్ధతి

ఇక్కడ ‘హౌసింగ్ సొసైటీ’ అనే మాట మూడు వేర్వేరు ఏర్పాట్లకు వాడుతున్నారు. ముందు ఆ మూడింటినీ విడదీసి చూడాలి.

మొదటిది ఉద్యోగులో, ఒక వృత్తివారో కలిసి పెట్టుకున్న గృహనిర్మాణ సహకార సంఘం. సంఘం భూమి కొని, లేఅవుట్ వేసి, సభ్యులకు ప్లాట్లు రిజిస్ట్రీ చేస్తుంది. 1960లలో మొదలైన హైదరాబాద్ జూబ్లీహిల్స్ సంఘం దీనికి పేరున్న ఉదాహరణ. రిజిస్ట్రీ అయ్యాక ప్లాటు సభ్యుడి సొంతం. షేర్ సర్టిఫికెట్ సభ్యత్వానికే పరిమితం. ఆ ప్లాటు అమ్మితే దస్తావేజు ప్రకారం హక్కు మారుతుంది. కొన్నవారిని సభ్యులుగా చేర్చుకోవడం ఆ సంఘం బైలాల ప్రకారం జరిగే వేరే పని.

రెండోది అపార్ట్‌మెంట్ ఓనర్ల సంఘం. నల్గొండ, మహబూబ్‌నగర్, మిర్యాలగూడ పట్టణాల్లో ఫ్లాటు కొన్నవారికి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చేసే దస్తావేజులో ఫ్లాటుతో పాటు భూమిలో అవిభాజ్య వాటా కూడా రాసి ఉంటుంది. ‘ఇన్ని గజాల అన్‌డివైడెడ్ షేర్’ అని దస్తావేజు లేఖర్లు రాసేది దీన్నే. ఆ షేర్ వేరు, సహకార సంఘం షేర్ వేరు. పేరు ఒకటి కావడం వల్ల చాలామంది పొరబడతారు. ఓనర్ల సంఘం 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏర్పడితే దానికి వాటా మూలధనమే ఉండదు. కాబట్టి షేర్ సర్టిఫికెట్ ఉండదు, సభ్యత్వ రుసుము రసీదు మాత్రం ఉంటుంది. అమ్మేటప్పుడు చూసుకోవాల్సినవి లింకు దస్తావేజులు, ఈసీ, మెయింటెనెన్స్ బాకీ లేదన్న సంఘం లేఖ. కొన్న తరువాత మున్సిపాలిటీలో మ్యుటేషన్, కరెంటు మీటరు పేరు మార్పు జరిగాయో లేదో చూసుకోవాలి. స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 2021 జూలై నుంచి 7.5 శాతం.

మూడోది 1964 లేదా 1995 చట్టం కింద సహకార సంఘంగానే నమోదైన ఓనర్ల సంఘం. ఇందులో వాటాలు, షేర్ సర్టిఫికెట్లు ఉంటాయి. మనది ఏ కోవలోదో తెలుసుకోవడానికి దారి సులభం. సంఘం లెటర్‌హెడ్ మీద రిజిస్ట్రేషన్ నంబరు, చట్టం సంవత్సరం అచ్చువేసి ఉంటాయి. 1964 చట్టం కింద ఉన్న సంఘంలో సభ్యత్వ వివాదం వస్తే 61వ సెక్షన్ కింద సహకార శాఖ అధికారుల వద్దకు వెళ్లాలి.

## వలస, భివండీ ఫ్లాట్లు

నల్గొండ జిల్లా నేత కుటుంబాలు మరమగ్గాల పనికి భివండీ, సోలాపూర్, బొంబాయి చేరాయి. పాలమూరు నుంచి కూలీలు కట్టడాల పనికి బొంబాయి బస్సులెక్కారు. మొదట చాలీల్లో అద్దెకున్నవారిలో కొందరు తరువాత చిన్న ఫ్లాట్లు కొనుక్కున్నారు. తొలితరం వారు ముసలివారై ఊరికి తిరిగి వచ్చారు, లేదా చనిపోయారు. పిల్లలు హైదరాబాద్‌లోనో నల్గొండలోనో స్థిరపడి ఆ ఫ్లాటు అమ్మాలనుకునేసరికి అక్కడి సెక్రటరీ మొదట అడిగేది “ఒరిజినల్ షేర్ సర్టిఫికెట్ ఉందా?” అనే. ఊరి ఇంట్లో ఇనుప బీరువాలో దస్తావేజు దొరుకుతుంది గానీ ఈ కాగితం చాలాసార్లు దొరకదు. దొరికినా అది తండ్రి పేరిటే ఉంటుంది.

## పత్రంలో ఏముంటుంది

సర్టిఫికెట్ ముందువైపు సంఘం పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, అధీకృత మూలధనం, సర్టిఫికెట్ నంబరు, సభ్యుల రిజిస్టరులో సభ్యుడి సంఖ్య, పేరు, వాటాల వివరం ఉంటాయి. ముఖవిలువ చిన్న మొత్తమే. మహారాష్ట్ర నమూనా బైలాల ప్రకారం ఒక్కో వాటా 50 రూపాయలు. పాత సంఘాల్లో సభ్యుడికి 5 వాటాలు, తరువాతి వాటిలో 10 వాటాలు కనిపిస్తాయి. వరుస సంఖ్యలు ‘41 నుంచి 50 వరకు’ అన్నట్టు రాస్తారు. ఒకే సంఘంలో ఒక సంఖ్య ఇద్దరి పత్రాల్లో ఉండకూడదు. కింద సంఘం ముద్ర, చైర్మన్, సెక్రటరీ, కమిటీ సభ్యుడు ఒకరి సంతకాలు ఉండాలి.

కొనేవారు ఎక్కువసేపు చూడాల్సింది వెనకవైపును. అక్కడ బదిలీల పట్టిక ఉంటుంది: ఆమోదించిన సమావేశం తేదీ, ఇచ్చినవారి పేరు, వారి రిజిస్టరు సంఖ్య, పుచ్చుకున్నవారి పేరు, వారి సంఖ్య, సంతకాలు. ఫ్లాటు మూడో యజమాని చేతికి వచ్చి ఉంటే అక్కడ రెండు వరుసలు నిండి ఉండాలి. దస్తావేజుల గొలుసులో ఉన్న పేర్లు ఇక్కడి పేర్లతో వరుసగా సరిపోకపోతే మధ్యలో ఒక బదిలీ సంఘం దృష్టికి రాలేదని అర్థం.

దీనికి జోడు సంఘం ఆఫీసులో ఉండే సభ్యుల రిజిస్టరు. మహారాష్ట్రలో దాన్ని ‘ఐ’ ఫారం అంటారు. సభ్యుల జాబితా ‘జె’ ఫారంలో ఉంటుంది. పత్రం మీద పేరు మారి రిజిస్టరులో మారకపోతే పని సగమే అయినట్టు.

## చట్టపరమైన విలువ

షేర్ సర్టిఫికెట్ ఒక్కటే యాజమాన్యానికి రుజువు కాదు. అది సభ్యత్వానికి, వాటాలకు సాక్ష్యం. కానీ సంఘం ఫ్లాటులో ఉండే హక్కు వాటాలను అంటిపెట్టుకునే ఉంటుంది. అలాంటి హక్కు కూడా ఆస్తేనని, కోర్టు డిక్రీ అమలు కోసం దాన్ని జప్తు చేసి అమ్మవచ్చని సుప్రీంకోర్టు 1975లో రమేశ్ హిమ్మత్‌లాల్ షా కేసులో తీర్పునిచ్చింది.

ఒకప్పుడు కొందరు దస్తావేజు లేకుండా వాటాలు మాత్రమే బదిలీ చేసి, స్టాంపు సుంకం అక్కర్లేదని వాదించేవారు. వాటాల బదిలీతో స్థిరాస్తి హక్కు కూడా చేతులు మారుతోంది కాబట్టి సుంకం కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు 2000లో హనుమాన్ విటమిన్ ఫుడ్స్ కేసులో తేల్చింది. కాబట్టి రెండూ ఉండాలి. ఆస్తి హక్కు మారడానికి సుంకం కట్టి రిజిస్టరు చేసిన ఒప్పందం కావాలి. సభ్యత్వం మారడానికి సంఘం తీర్మానం, పత్రం వెనక ఎండార్స్‌మెంట్ కావాలి.

## అమ్మకంలో బదిలీ క్రమం (మహారాష్ట్ర)

అమ్మేవారు సంఘానికి 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. దానితో పాటు కొనేవారి సమ్మతి లేఖ జతచేయాలి. వాటాల బదిలీకి సంఘం ‘అభ్యంతరం లేదు’ అనే లేఖ ఇవ్వాలని నియమం లేదు. నమూనా బైలా ఈ మాట స్పష్టంగానే చెబుతుంది. అయినా కొనేవారు గృహరుణం తీసుకుంటుంటే బ్యాంకు ఆ లేఖ అడుగుతుంది. అప్పుడు విడిగా దరఖాస్తు చేస్తే కమిటీ నెలలోపు పరిశీలించాలి.

తరువాత అమ్మకపు ఒప్పందం. సంతకాలైన నాటి నుంచి 4 నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కు సమర్పించాలి. రిజిస్ట్రేషన్ ఫీజు విలువలో 1 శాతం, గరిష్ఠంగా 30,000 రూపాయలు. స్టాంపు సుంకం ఊరిని బట్టి మారుతుంది. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవారు 1 శాతం ఆదాయపు పన్ను మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి.

మూడో మెట్టులో దరఖాస్తులు సంఘానికి వెళతాయి. అమ్మినవారు బదిలీ దరఖాస్తు, రాజీనామా, అసలు షేర్ సర్టిఫికెట్ ఇస్తారు. కొన్నవారు సభ్యత్వ దరఖాస్తు, రిజిస్టరైన ఒప్పందం నకలు, ఫ్లాటును ఏ పనికి ఇచ్చారో ఆ పనికే వాడతామన్న హామీపత్రం ఇస్తారు. మెయింటెనెన్స్ బాకీలు ఈలోగా తీరిపోవాలి. నమూనా బైలాల ప్రకారం బదిలీ రుసుము 500 రూపాయలు, కొత్త సభ్యుడి ప్రవేశ రుసుము 100 రూపాయలు.

అసలు తగవు వచ్చేది ‘ప్రీమియం’ దగ్గర. సర్వసభ్య సమావేశం నిర్ణయించిన ప్రీమియం సంఘం తీసుకోవచ్చు గానీ దానికి పరిమితి ఉంది. మహారాష్ట్ర ప్రభుత్వం 2001 ఆగస్టు 9న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం మున్సిపల్ కార్పొరేషన్ ప్రాంతాల్లో గరిష్ఠం 25,000 రూపాయలు. చిన్న పట్టణాల్లో ఇంకా తక్కువ, గ్రామ పంచాయతీల్లో 5,000. కుటుంబంలో జరిగే బదిలీకి ప్రీమియం లేదు. భవనం మరమ్మతు నిధికి ‘స్వచ్ఛంద విరాళం’ అని పెద్ద మొత్తం అడిగే సంఘాలున్నాయి. పేరు మార్చినా అది ప్రీమియమే. చెక్కుతో ఇచ్చి, ఏ పద్దు కింద పుచ్చుకున్నారో రసీదులో రాయించుకుంటే తరువాత ఫిర్యాదుకు ఆధారం ఉంటుంది.

చివరిగా కమిటీ సమావేశం. ఆమోదమైతే తీర్మానం తేదీ వేసి పత్రం వెనక ఎండార్స్ చేసి, ఐ, జె ఫారాల్లో పేరు మార్చి, పత్రాన్ని కొత్త సభ్యుడికి ఇస్తారు. సాధారణంగా కొత్త పత్రం అచ్చువేయరు, పాతదే ప్రయాణిస్తుంది. దరఖాస్తు మీద 3 నెలల్లో నిర్ణయం తెలపకపోతే సభ్యత్వం ఇచ్చినట్టే చట్టం భావిస్తుంది. తిరస్కరిస్తే ఆ సమాచారం అందిన 2 నెలల్లోపు రిజిస్ట్రారుకు అప్పీలు చేసుకోవచ్చు. ఈ గడువులు లెక్కకు రావాలంటే దరఖాస్తు నకలు మీద సంఘం ముద్ర, తేదీతో అందినట్టు సంతకం ఉండాలి. చేతికిచ్చి వచ్చిన కాగితానికి గడువు మొదలైనట్టు చూపడం కష్టం.

## ఉదాహరణ: తండ్రి పేరిట ఉన్న ఫ్లాటు

ఇది ఊహా ఉదాహరణ. నల్గొండ జిల్లా నుంచి వెళ్లిన మగ్గం కార్మికుడు 1996లో భివండీలో ఫ్లాటు కొన్నాడు. 10 వాటాలు, భార్య నామినీ. 2015లో ఆయన చనిపోయాడు. పేరు ఎవరూ మార్పించలేదు. ఇప్పుడు భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు కలిసి 32 లక్షలకు అమ్మాలనుకుంటున్నారు.

నామినీ కాబట్టి తల్లి సంతకం చాలునని కొడుకులు అనుకోవడం సహజం. అది చాలదు. నామినీ పేరిట సభ్యత్వం మార్చాల్సిన బాధ్యత సంఘానికి ఉందని, అయితే వారసుల హక్కు దానివల్ల పోదని ఇంద్రాణి వాహీ కేసులో సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. మహారాష్ట్ర 2019లో గృహనిర్మాణ సంఘాల కోసం చట్టంలో ప్రత్యేక అధ్యాయం చేర్చింది. దాని ప్రకారం నామినీ ‘తాత్కాలిక సభ్యుడు’ మాత్రమే, వారసులు తేలేదాకా. వీలునామా, వారసత్వ ధ్రువపత్రం, లేదా వారసులందరూ రాసుకున్న కుటుంబ ఒప్పందం ఉంటే సంఘం వాటి ఆధారంగా అసలు బదిలీ చేస్తుంది.

కాబట్టి ఇక్కడ బదిలీ రెండుసార్లు జరగాలి. మొదట తల్లి, ముగ్గురు పిల్లలు తమలో ఎవరి పేరిట సభ్యత్వం ఉండాలో తేల్చుకోవాలి. తల్లి పేరిటే అనుకుంటే పిల్లలు తమ హక్కు విడుదల చేస్తూ రిజిస్టరు దస్తావేజు రాసిస్తారు. పెళ్లయి వెళ్లిన కూతురి సంతకం కూడా ఉండాల్సిందే. ఆమెను వదిలేసిన కాగితాల దగ్గరే ఇలాంటి అమ్మకాలు ఎక్కువగా ఆగుతాయి. మరణ ధ్రువపత్రంతో దరఖాస్తు చేస్తే పట్టిక మొదటి వరుసలో తల్లి పేరు చేరుతుంది. కుటుంబ బదిలీ కనుక ప్రీమియం లేదు.

తరువాత తల్లి నుంచి కొనుగోలుదారుకు అమ్మకం. ధరలో 1 శాతం 32,000 అయినా రిజిస్ట్రేషన్ ఫీజు 30,000 దగ్గర ఆగుతుంది. ధర 50 లక్షల లోపే కాబట్టి కొనేవారు పన్ను మినహాయించి కట్టే పని లేదు. నెలకు 1,200 చొప్పున ఏడాది మెయింటెనెన్స్ బాకీ ఉంటే 14,400 కట్టాలి. సంఘానికి బదిలీ రుసుము 500, ప్రవేశ రుసుము 100, సర్వసభ్య సమావేశం గరిష్ఠ ప్రీమియం తీర్మానించి ఉంటే 25,000. బాకీ కాకుండా మొత్తం 25,600 రూపాయలు. ప్రీమియం ఎవరు భరించాలో అమ్మకపు ఒప్పందంలోనే రాసుకోవడం మంచిది. పట్టిక రెండో వరుసలో కొన్నవారి పేరు చేరాక బదిలీ పూర్తవుతుంది.

## తరచూ ఎదురయ్యే చిక్కులు

తెలుగువారికి ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరుది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. మహారాష్ట్రలో సొంత పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఆ తరువాత ఇంటిపేరు రాస్తారు. భివండీ సర్టిఫికెట్ మీద మూడు మాటల పేరు, తెలంగాణ ఆధార్ మీద రెండు మాటల పేరు ఉంటే ఇద్దరూ ఒకరేనా అన్న ప్రశ్న పుడుతుంది. ఇద్దరూ ఒకరేనని నోటరీ ముందు ప్రమాణపత్రం రాసిచ్చి, రెండు రకాల పేర్లూ ఒప్పందంలో ‘అలియాస్’ అని చేర్చడం వాడుకలో ఉన్న పరిష్కారం. అమ్మకం మాట అనుకోకముందే దీన్ని సరిచేసుకుంటే కొనేవారి బ్యాంకు దగ్గర రోజులు వృథా కావు.

పత్రం పోతే పోలీసులకు ఫిర్యాదు, పత్రికా ప్రకటన, స్టాంపు కాగితం మీద నష్టపరిహార బాండు ఇవ్వాలి. కమిటీ తీర్మానించి ‘డూప్లికేట్’ అని రాసిన పత్రం ఇస్తుంది. బ్యాంకులో తాకట్టు ఉన్న పత్రాన్ని పోయిందని చెప్పి డూప్లికేట్ తీసుకున్న సందర్భాలు వస్తాయి గనుక, కొనేవారు సంఘం రిజిస్టరులో బ్యాంకు లీన్ నమోదై ఉందేమో స్వయంగా చూడాలి. అసలు పత్రం బ్యాంకు దగ్గర ఉంటే, రుణం తీరిందన్న లేఖతో అది విడుదలై వచ్చేదాకా ఎండార్స్‌మెంట్ జరగదు.

కొన్ని భవనాల్లో సంఘం నమోదైనా పత్రాలే ఇవ్వలేదు. వాటాలు కేటాయించిన 6 నెలల్లోపు పత్రం ఇవ్వాలని నమూనా బైలాలు చెబుతాయి. ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడిగి, ఉప రిజిస్ట్రారుకు ఫిర్యాదు చేయవచ్చు. బిల్డరు భూమిని సంఘం పేరిట రాసివ్వకపోవడం వేరే సమస్య. దానివల్ల సభ్యత్వ బదిలీ ఆగదు గానీ, భవనాన్ని పడగొట్టి కట్టే రోజున అది బయటపడుతుంది.

## కొన్నవారికి దక్కేవి

ఎండార్స్‌మెంట్ తరువాత మెయింటెనెన్స్ బిల్లు కొత్త పేరిట వస్తుంది. సర్వసభ్య సమావేశంలో ఓటు, కమిటీ ఎన్నికల్లో నిలబడే హక్కు, సంఘం లెక్కలు చూసే హక్కు వస్తాయి. ఎన్ని వాటాలున్నా సభ్యుడికి ఓటు ఒక్కటే. సభ్యత్వం మారగానే కొత్త నామినేషన్ ఇవ్వాలి. పాత సభ్యుడు ఇచ్చిన నామినేషన్ కొత్త సభ్యుడికి వర్తించదు.